శాస్త్రోక్తంగా నవ్వించడం

మన ఇండ్లలో పుస్తకాలు అట్టే లేకపోయినా, ఒక పని చేసే తీరును వరుసగా చెప్పే పొత్తాలు మాత్రం రెండో మూడో తప్పక ఉంటాయి. దేవుని గూటిలో ఒక వ్రతకల్పం ఉంటుంది. వంటింట్లో ఒక వంటల పుస్తకం ఉంటుంది. కుట్టుమిషనుతోనో రేడియోతోనో వచ్చిన సూచనల పుస్తకం ఒకటి బల్లసొరుగులో పడి ఉంటుంది. వీటి విషయాలు వేరైనా గొంతు ఒక్కటే. కావలసిన సంభారాలు ముందు చెపుతారు. చేయవలసిన పనులు ఒకదాని వెంట ఒకటి చెపుతారు. చేయరాని పనులను గూర్చి హెచ్చరిస్తారు. ఫలం చివర చెపుతారు. చెప్పేవాడు నవ్వడు, సందేహించడు, "బహుశా" అనడు. మనమూ ఎదురుప్రశ్న వేయకుండా వింటాము.

ఇదే గొంతుతో ఎవరైనా, ఎవరికీ నేర్పనక్కరలేని పనిని నేర్పడానికి పూనుకొన్నారనుకొనండి. లేదా ఎవరూ చేయకూడని పనిని నేర్పడానికి పూనుకొన్నారనుకొనండి. విషయం తలకిందులైనా గొంతు మాత్రం చెక్కుచెదరదు. అప్పుడు మనకు నవ్వు వస్తుంది. ఈ విధమైన హాస్యం మన ప్రాచీన నాటకంలోనూ ఉన్నది, పరదేశాల సాహిత్యంలోనూ ఉన్నది. అది ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడ చెడిపోతుందో పరిశీలించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

అల్పమైన విషయానికి పెద్ద మాటలు తొడగడం వల్ల నవ్వు వస్తుందని సాధారణంగా చెపుతారు. అది సగం నిజం మాత్రమే. ఉత్త పెద్ద మాటలు నాలుగు వాక్యాలు దాటేసరికి విసుగు పుట్టిస్తాయి. అసలు కీలకం విధానగ్రంథం స్వభావంలోనే ఉన్నది. "ఎట్లా చేయాలి?" అన్న ప్రశ్నకు అది ఎంత వివరంగానైనా సమాధానం చెపుతుంది. "అసలు ఎందుకు చేయాలి?" అన్న ప్రశ్న మాత్రం దాని పుటలలోకి రాదు. వంటల పుస్తకం గుత్తివంకాయ వండే తీరు చెపుతుంది గాని, ఈ పూట గుత్తివంకాయ వండడం అవసరమా అని విచారించదు. ఆ విచారణ ముందే ముగిసిపోయిందని దాని నమ్మకం. హాస్యరచయిత ఈ నమ్మకాన్నే పట్టుకొంటాడు. "ఎందుకు?" అని అడిగి తీరవలసిన పనిని తెచ్చి, ఆ ప్రశ్నకు చోటులేని రూపంలో కూర్చోబెడతాడు. పుస్తకం అడగని ప్రశ్న మన మనస్సులో లేస్తుంది. పుస్తకం దానిని విననట్లే రెండవ మెట్టుకు, మూడవ మెట్టుకు సాగిపోతుంది. ఆ ఎడంలో నవ్వు పుడుతుంది.

ఇందుకు మంచి ఉదాహరణ శూద్రకుని మృచ్ఛకటికంలో ఉన్నది. ఆ పది అంకాల ప్రకరణంలో మూడవ అంకం కన్నం వేసే ఘట్టం. శర్విలకుడనే బ్రాహ్మణ యువకుడు అర్ధరాత్రి చారుదత్తుని ఇంటి గోడ దగ్గరకు వస్తాడు. అతడు ప్రేమించిన మదనిక వసంతసేన ఇంట దాసి. ఆమెను విడిపించడానికి ధనం కావాలి. ఇతడేమో నాలుగు వేదాలూ చదివి, ఎవరి వద్దా దానం పట్టని తండ్రికి పుట్టినవాడు. అటువంటి ఇంట పుట్టిన విద్యావంతుడు దొంగతనానికి వచ్చి ఏమి చేస్తాడు? శాస్త్రం తెరుస్తాడు.

చౌర్యానికి అధిదేవత కుమారస్వామి. శర్విలకుడు ఆయనకు నమస్కరిస్తాడు. ఈ శాస్త్రంలోని ఆచార్యులను పేరుపేరునా స్మరిస్తాడు. స్థలనిర్ణయమూ శాస్త్రప్రకారమే. గోడలో ఏ చోట నిత్యం నీరుపడి ఇటుక నాని ఉంటుందో చేతితో తడివి చూస్తాడు. ఇంటి యజమాని రోజూ సూర్యునికి అర్ఘ్యమిచ్చే చోట గోడ మెత్తబడి ఉన్నది, పైగా ఎలుక తవ్విన మట్టి అక్కడ కుప్పపడి ఉన్నది. కార్యసిద్ధికి ఇది శుభలక్షణమని సంతోషిస్తాడు.

ఇక గోడ తీయడం ఎట్లా? అందుకు నాలుగు ఉపాయాలున్నాయని ఆచార్యుడైన కనకశక్తి చెప్పాడట. కాల్చిన ఇటుకలైతే ఊడలాగాలి. పచ్చి ఇటుకలైతే కోయాలి. మట్టిగోడ అయితే తడపాలి. కట్టెగోడ అయితే చీల్చాలి. ఇక్కడ ఉన్నవి కాల్చిన ఇటుకలు గనుక ఊడలాగడమే విహితం. తరువాత కన్నం ఆకారం. విచ్చిన పద్మం, సూర్యబింబం, బాలచంద్రుడు, దిగుడుబావి, స్వస్తికం, పూర్ణకుంభం మొదలైనవి కలిపి ఏడు ఆకారాలు అతనికి కంఠస్థం. కాల్చిన ఇటుకల గోడకు పూర్ణకుంభమే శోభిస్తుందని నిశ్చయిస్తాడు. తెల్లవారి ఇరుగుపొరుగువారు వచ్చి చూసి తన పనిలోని గుణదోషాలను చర్చిస్తారు గదా అని అతని ఆలోచన. ఈ శాస్త్రంలో కన్నానికి పేరు "సంధి". మన పిల్లలు బడిలో నేర్చుకొనే సంధి కలుపుతుంది, శర్విలకుని సంధి విడగొడుతుంది. రెంటికీ సూత్రాలు మాత్రం తప్పవు.

కొలత వేయబోయేసరికి కొలతాడు ఇంటివద్ద మరచివచ్చాడని తెలుస్తుంది. అతడు దిగులుపడడు, మెడలోని యజ్ఞోపవీతాన్ని తీసి దానితో కొలుస్తాడు. బ్రాహ్మణునికి, ముఖ్యంగా తనవంటి బ్రాహ్మణునికి, యజ్ఞోపవీతం ఎంత గొప్ప ఉపకరణమో అప్పుడు వివరిస్తాడు. గోడ కొలవవచ్చు. ఆభరణాల బిగింపులు సడలించవచ్చు. గడియ వేసిన తలుపు తెరవవచ్చు. పాము కరిస్తే కట్టు కట్టవచ్చు. ఒక్క ఇటుక మిగిలి ఉండగా నిజంగానే పాము వ్రేలిని కరుస్తుంది. జందెంతో కట్టుకట్టి, కాసేపాగి, మిగిలిన ఇటుక తీస్తాడు.

లోపలికి తలదూర్చడానికి ముందు ఒక బొమ్మమనిషిని కన్నంలోకి పంపి చూస్తాడు. ఎవరూ కొట్టలేదు గనుక తాను దూరుతాడు. పారిపోవడానికి వీలుగా తలుపు తెరవాలి, కాని పాత తలుపు కిర్రుమంటుంది. నీరు చల్లితే చప్పుడు తగ్గుతుంది, కాని ఆ నీరు నేలమీద పడితే అదీ చప్పుడే. అందువల్ల తలుపును వీపుతో ఆనుకొని మెల్లగా తెరుస్తాడు. నిద్రిస్తున్న ఇద్దరిదీ నిజమైన నిద్రేనా, నటనా అని పరీక్షిస్తాడు. ఊపిరి సమంగా ఉన్నదా, కనురెప్పలు గట్టిగా మూసి అదురుతున్నవా, అవయవాలు సడలి ఉన్నవా, దీపం వెలుగు ముఖంమీద పడితే సహిస్తున్నారా అని ఒక్కొక్కటే చూస్తాడు. ఇంత చేసిన తరువాత గది కలయజూస్తే ఒక మృదంగం, ఒక వీణ, వేణువులు, పుస్తకాలు కనిపిస్తాయి. అది పేదవాని ఇల్లు. ధనం పాతిపెట్టి ఉంటుందేమో అని శాస్త్రప్రకారం మంత్రించిన గింజలు చల్లుతాడు. అవి ఎక్కడా ఉబ్బవు. పాతిన ధనం కూడా లేదు.

నాటకకర్త ఇక్కడ ఏమి చేశాడో చూడండి. శర్విలకుడు చెప్పిన మెట్లలో అసంబద్ధమైనది దాదాపు లేదు. నీరు నానిన చోట గోడ బలహీనమనే మాట ఏ తాపీమేస్త్రీని అడిగినా ఒప్పుకొంటాడు. కాల్చిన ఇటుకకు ఒక ఉపాయం, పచ్చి ఇటుకకు మరొక ఉపాయం కావాలనే మాట నిజమే. నిద్ర నటించేవాని రెప్పలు అదరడం మనమందరం పిల్లలలో చూసినదే. ఈ నిజాయితీయే హాస్యానికి పునాది. వివరాలు నమ్మదగినవి గనుక మనం కొంతసేపు ఆ పనిలో లీనమై, "అవును, పూర్ణకుంభమే బాగుంటుంది" అనుకొనేదాకా పోతాము. మరుక్షణం అది పరుని గోడ అని జ్ఞాపకం వస్తుంది. శర్విలకునికి ఆ జ్ఞాపకం రాకుండా కాపాడుతున్నది శాస్త్రమే. మెట్టు తరువాత మెట్టు ఉన్నంతసేపు మనస్సాక్షి మాట్లాడడానికి సందు దొరకదు. అందుచేత ఈ ఘట్టం ఉత్త వినోదం కాదు. చదువుకొన్నవాడు తప్పుచేయబోయేటప్పుడు తన చదువును ఎట్లా తోడు తెచ్చుకొంటాడో ఇది చూపుతున్నది.

ఇదే ఉపాయాన్ని వేరొక విధంగా ప్రయోగించినవాడు జోనథాన్ స్విఫ్ట్. ఆయన ఐర్లండులోని డబ్లిన్ నగరంలో సెయింట్ పాట్రిక్ దేవాలయానికి పెద్దగా ఉండేవాడు. సేవకులకు సూచనలు అనే ఆయన గ్రంథం 1745లో, ఆయన మరణించిన సంవత్సరమే, అసంపూర్ణంగానే వెలువడింది. అందులో ముందు సేవకులందరికీ పనికివచ్చే సామాన్యసూత్రాలు, తరువాత వంటవారికి, బండివానికి, గుర్రపువానికి, ఇతరులకు వేరువేరు అధ్యాయాలు ఉంటాయి. తప్పు చేసినప్పుడు తానే అన్యాయానికి గురియైనట్లు ఎదురుతిరగాలని సామాన్యసూత్రాలలో ఒకటి. క్రొవ్వొత్తి ఆర్పడానికి ఎన్ని పద్ధతులున్నవో మరొక చోట వరుసగా బోధిస్తాడు: గోడ చెక్కకు రుద్ది ఆర్పవచ్చు, నేలమీద పెట్టి త్రొక్కవచ్చు, తలకిందులుగా పట్టి దాని క్రొవ్వులోనే అది ఆరిపోనీయవచ్చు. ఇంటిని పాడుచేసే ఒక్కొక్క పద్ధతికీ ఒక విధి ఏర్పడింది.

శర్విలకుని ఘట్టంలో శాస్త్రాన్ని నమ్మినవాడు ఒక పాత్ర. స్విఫ్ట్ రచనలో పాత్ర లేదు, పుస్తకమే గంభీరంగా మాట్లాడుతుంది. సేవకులు పొరపాటున చేసే పనులను ఆయన బుద్ధిపూర్వకమైన సూత్రాలుగా మార్చాడు. నవ్వు ఆ మార్పులోనే ఉన్నది. అయితే ఆ సూత్రాలు వ్రాయడానికి ఆయన ఇంటిలో జరిగే ప్రతి చిన్న పనినీ ఎంత శ్రద్ధగా గమనించి ఉండాలో ఊహించండి. ఈ రచనకు ఒక హద్దు కూడా ఉన్నది. ఆద్యంతం ఒక్క దమ్మున చదివితే అలసట కలుగుతుంది, ఎందుకంటే ప్రతి సూచనా ఒకే దిక్కుకు, యజమాని నష్టానికే, పోతుంది. ఒక అధ్యాయం చదివి పుస్తకం మూసినవారికి అది ఎక్కువ రుచిస్తుంది.

స్విఫ్ట్ చేయకూడని పనిని నేర్పాడు. నేర్పనక్కరలేని పనిని నేర్పినవాడు అర్జెంటీనా రచయిత హూలియో కొర్తాసార్. 1962లో వచ్చిన ఆయన చిన్న కథల సంపుటిలో ఒక భాగానికి సూచనల పుస్తకమనే పేరు పెట్టాడు. మెట్లు ఎక్కడమెట్లా, గడియారానికి కీ ఇవ్వడమెట్లా, ఏడవడమెట్లా అని అందులో బోధిస్తాడు. మెట్లెక్కే పాఠంలో రెండు కాళ్ళకూ ఒకే పేరు ఉండడం వల్ల కలిగే చిక్కును గూర్చి హెచ్చరిస్తాడు. ఈ కాలును, ఆ కాలును ఒక్కసారే లేపరాదంటాడు. ఇందులో ఎవరినీ ఎత్తిపొడవడం లేదు. రోజుకు ఇరవైసార్లు ఆలోచించకుండా చేసే పనిని మొదటిసారి చూస్తున్నట్లు మనకు చూపడమే ఆయన చేసినది. అది చదివిన తరువాత ఒకటి రెండు మెట్లు కొంచెం తడబడుతూ ఎక్కని పాఠకుడు అరుదు.

ఈ రీతి రచన ఎట్లా కూర్చుతారో తెలియడానికి, మన ఇండ్లలో అందరూ ఎరిగిన ఒక పనిని తీసికొని శాస్త్రబద్ధం చేసి చూద్దాము. మన శాస్త్రగ్రంథాలు ఆరంభంలోనే ఆ శాస్త్రానికి అధికారి ఎవరో చెపుతాయి. మనమూ అక్కడే మొదలుపెడదాము.

"పడకకుర్చీలో పత్రిక చదువుచు నిద్రించు విధానము. ఆదివారమునాడు భోజనము చేసి, అంతకు ముందే ఇంటిలో ఏదేని పని చేసెదనని మాట యిచ్చిన గృహస్థుడు దీనికి అధికారి. మాట యియ్యనివాడు ఊరకే నిద్రింపవచ్చును, వానికీ విధానముతో పనిలేదు. సంభారములు: పడకకుర్చీ ఒకటి, కళ్ళజోడు ఒకటి, దినపత్రిక ఒకటి. వారపత్రిక పనికిరాదు, అది ముఖమును పూర్తిగా కప్పజాలదు. మొదట కుర్చీని వీధివైపునకు త్రిప్పి, వంటింటి గుమ్మమునకు వీపు వచ్చునట్లు కూర్చుండవలెను. పిదప పత్రికను నడిమి పుటకు తెరచి, మోచేతులను కుర్చీచేతులపై ఆనింపవలెను. ఆనింపనిచో మూడవ నిమిషమున పత్రిక జారును. పిదప ఒక్క వార్తను నిజముగా చదువవలెను, మేల్కొన్న వెంటనే ఎవరైన ప్రశ్నించినచో చెప్పుటకు ఇది అవసరము. కన్నులు మూయుటకు ముందు 'ఊఁ' అను అక్షరమును రెండు మూడు మారులు మెల్లగా పలికి నోటికి అలవరచుకొనవలెను. నిద్రలో వచ్చు ప్రశ్నలలో పెక్కింటికి ఈ సమాధానము చాలును. హెచ్చరిక: 'నిద్రపోతున్నారా?' అను ప్రశ్నకు మాత్రము ఈ సమాధానము చెప్పరాదు. ఫలము: ఇట్లు చేసినవాడు ముప్పాతిక గంట నిద్రించి, దేశపరిస్థితిని గూర్చి విచారించుచున్నవానివలె మేల్కొనును."

ఇందులో ఏ అంగం ఏమి చేస్తున్నదో విడదీసి చూడవచ్చు. అధికారిని నిర్ణయించిన వాక్యంలోనే కథంతా ఉన్నది. మాట యిచ్చినవాడే అధికారి అనేసరికి, వంటింట్లో ఎదురుచూస్తున్న గృహిణి పేరు చెప్పకుండానే మన కళ్ళకు కట్టుతుంది. వారపత్రికను నిషేధించడానికి కారణం చెప్పడం వల్ల, శాస్త్రకారుడు అనుభవజ్ఞుడని తేలుతుంది. "మూడవ నిమిషమున" అన్నది ఎవరూ కొలవని దానికి కొలత. ఆ ఒక్క అంకె ఉండడం చేత ఎవరో గడియారం పెట్టుకొని పరీక్షించినట్లున్నది. రెండు అంకెలు ఎక్కువగా చేర్చితే ఆ మాయ పోతుంది. హెచ్చరిక చివర రావడానికి కూడా కారణమున్నది. 'ఊఁ' మీద మనకు నమ్మకం కుదిరిన తరువాతనే అది కొంపముంచే సందర్భం చెప్పాలి. ముందే చెప్పితే దానికి బలం ఉండదు.

ఇప్పుడు దీనిని చెడగొట్టి చూద్దాము. "మంచమంత పత్రిక తీసికొని నెలరోజులు నిద్రింపవలెను" అని వ్రాశామనుకొనండి. అది అతిశయోక్తి. అటువంటి పత్రిక లేదు, అట్లా నిద్రించేవాడు లేడు. మెట్టు అబద్ధమైనప్పుడు పాఠకుడు వెనుకకు తగ్గి కూర్చుంటాడు, ఆ పనిలో పాలుపంచుకోడు. లేక మధ్యలో "ఈ సోమరిపోతు భర్తల సంగతి చూచితిరా!" అని రచయిత తల బయటపెట్టాడనుకొనండి. మనం వేసికోవలసిన ప్రశ్నను అతడే వేసి, అతడే సమాధానం చెప్పినట్లవుతుంది. విధానగ్రంథం తెర వెనుక నుంచి రచయిత కన్నుగీటిన క్షణంలోనే గాంభీర్యం పగిలిపోతుంది, దానితోపాటు నవ్వూ పోతుంది. ఈ రెండు దోషాలను పట్టుకోవడానికి తేలిక పరీక్ష ఒకటి ఉన్నది. హాస్యమని చెప్పక, ఒక్కొక్క వాక్యాన్ని విడిగా పైకి చదవాలి. అది నిజమైన సూచనల పుస్తకంలో చొరబడినా ఎవరూ పట్టుకోలేనట్లు ఉంటే వాక్యం నిలిచినట్లే. ఒంటరిగానే నవ్వించడానికి ప్రయత్నిస్తుంటే దానిని తీసివేయడం మంచిది.

మృచ్ఛకటికంలోని దొంగతనం ఎట్లా ముగిసిందో చెప్పి ఈ ప్రసంగం ముగిస్తాను. శాస్త్రం యావత్తూ ప్రయోగించి శర్విలకుడు ఏమీ దొరకక వెనుకకు పోబోతున్న సమయంలో, విదూషకుడైన మైత్రేయుడు నిద్రలో కలవరించి, గోబ్రాహ్మణుల మీద ఆనబెట్టి, నగలపెట్టె తానే అతని చేతికి ఇస్తాడు. ఇన్ని సూత్రాలు సాధించలేని దానిని ఒక పలవరింత సాధించింది. తెల్లవారి చారుదత్తుడు గోడలోని కన్నాన్ని చూచి, ముందు దాని పనితనాన్ని మెచ్చుకొంటాడు. ఇరుగుపొరుగువారు మెచ్చుకొంటారని ఆశపడ్డ శర్విలకునికి ఆ మెప్పు సొమ్ము పోగొట్టుకొన్నవాని నోటనే దక్కింది. ఇంతవరకూ మనం నవ్వుతాము. కాని ఆ నగలు చారుదత్తునివి కావు, వసంతసేన నమ్మి దాచిపెట్టినవి. దొంగలు పడ్డారంటే పేదవాని మాట ఎవరు నమ్ముతారు? అతని పరువు నిలపడానికి భార్య ధూత తన రత్నహారాన్ని తీసి ఇస్తుంది. శర్విలకుని శాస్త్రంలో గోడలకు నాలుగు జాతులున్నవి, కన్నాలకు ఏడు ఆకారాలున్నవి. గోడకు అవతల ఉన్న మనుష్యులను గూర్చి ఒక్క సూత్రమూ లేదు.